స్కూటర్ అద్దంలో పాత ఆకాశం (చిన్న కథ, ఫోటోల పని తెలిసినవాళ్ళు ఒకసారి చూడండి)

కాలవగట్టు

నమస్కారం. డిగ్రీ అయ్యాక అమలాపురం వైపు ఒక స్టూడియోలో రెండేళ్ళు పనిచేశాను, తర్వాత ఆ పని వదిలేశాను. అప్పటి జ్ఞాపకాలు కొన్ని కలిపి ఈ కథ రాశాను. ఇక్కడ ఫోటోగ్రాఫర్లున్నారు కాబట్టి పనిలో తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి. ముగింపు మీద నాకే నమ్మకం లేదు.

కథ:

స్టూడియోలో చేరి ఐదు నెలలైనా కుర్రాడి చేతికి ఇంకా కెమెరా రాలేదు. పాస్‌పోర్ట్ ఫోటోలు కత్తిరించడం, ఫ్లెక్సీలో పుట్టినరోజు పిల్లాడి చుట్టూ బెలూన్లు పెట్టడం, పెళ్ళి ఆల్బమ్‌లో మబ్బు పట్టిన చోటల్లా నీలాకాశం వెయ్యడం, ఇవే వాడి పనులు. ఆకాశం వెయ్యడంలో మాత్రం చెయ్యి బాగా తిరిగింది. ఫోల్డర్లో నూట ఎనభై ఆకాశాలు దాచుకున్నాడు. దూది మబ్బులు, సాయంత్రం ఎరుపు, ఇంద్రధనుస్సు ఉన్నది ఒకటి.

ఒకరోజు మధ్యాహ్నం గురువుగారు ఫంక్షన్‌కి వెళ్ళిన టైంలో ఒకావిడ వచ్చింది. నలభై ఉండవు. ఆల్బమ్ ప్లాస్టిక్ అంటుకుపోయి ఒక మూల చిరిగిన 4×6 ఫోటో బల్ల మీద పెట్టింది. వచ్చే గురువారం నాన్నగారి సంవత్సరీకం, 12×18 చేసి ఫ్రేమ్ కట్టాలి, అంది. వెళ్తూ వెళ్తూ "కొంచెం శుభ్రంగా చెయ్యి బాబూ" అంది. ఆ ఒక్క మాటే వాడికి పట్టుకుంది.

ఫోటోలో ఒకాయన పాత స్కూటర్ మీద కూర్చుని ఒక కాలు నేలకి ఆన్చాడు. భుజం మీద తువ్వాలు. ముందర నుంచున్న ఎనిమిదేళ్ళ పిల్ల హ్యాండిల్ పట్టుకుంది. వెనకాల తొమ్మిది కొబ్బరిచెట్లు, అన్నిటి ఆకులూ దువ్వెనతో దువ్వినట్టు ఒకే పక్కకి ఉన్నాయి. వాటి మీద ఆకాశం బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. పిల్ల కెమెరా వైపు చూస్తోంది. ఆయన మాత్రం గడ్డం పైకెత్తి ఎటో పైకి చూస్తున్నాడు.

600 డీపీఐలో స్కాన్ చేశాడు, 18 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి 200 వస్తాయి, సరిపోతుంది. గీతలు తుడిచాడు. `Edit > Sky Replacement` తెరిచి ఒక ఉదయపు ఆకాశం పెట్టాడు. గోడా, స్కూటరూ క్షణంలో కుదిరాయి. కొబ్బరాకుల దగ్గరే చిక్కొచ్చింది. ఒక్కో ఈనె మధ్య తెల్లగా పాత ఆకాశం ఇరుక్కుని, చెట్లకి బూజు పట్టినట్టు కనపడింది. దాన్ని బ్రష్‌తో తుడిచేసరికి రెండు గంటలు పట్టింది. తర్వాత నేలకీ మనుషులకీ కొంచెం పసుపు కలిపాడు. ఎండకి నీడేదీ అనుకుని స్కూటర్ కింద ఎడమవైపుకి ఒక నీడ గీశాడు. వాడికి తెలిసినంతలో పని చాలా బాగా వచ్చింది.

మర్నాడు సాయంత్రం ఆవిడ వచ్చి స్క్రీన్ ముందు కూర్చుంది. చాలాసేపు మాట్లాడలేదు.

"నాన్న ముఖం ఏం చేశావు?"

"ముఖం ముట్టుకోలేదండీ. గీతలు తీశానంతే."

"నవ్వుతున్నట్టున్నాడు."

వాడు లేయర్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కాడు, ఆకాశం పోయింది. మళ్ళీ నొక్కాడు, వచ్చింది. అప్పుడే లోపలికొచ్చిన గురువుగారు హెల్మెట్ తియ్యకుండానే వెనక నుంచుని "ఇంకోసారి నొక్కు" అన్నారు. నీలం ఉన్నప్పుడు కొత్తగా స్కూటర్ కొనుక్కుని తోట చూసుకుంటున్న మనిషి. నీలం పోగానే, ఏదో వినపడి తలెత్తిన మనిషి. అదే నుదురు, అదే నోరు. మూడు నాలుగుసార్లు నొక్కాక వాడికి వేలు వణికింది.

ఆవిడ చెప్పింది. "అది తొంభై ఆరు నవంబర్ ఆరు, బుధవారం. హైదరాబాద్ నుంచి వచ్చిన మా బాబాయి, రీల్లో రెండు మిగిలాయి, నుంచోండి అన్నాడు. పొద్దున్నుంచీ గాలి ఒకలా ఉంది. నాన్న స్కూటర్ దిగుతూ, ముందు పాక మీద తాళ్ళు బిగించాలి అన్నాడు. మాకు నలభై రెండు చెట్లు. తెల్లారి చూస్తే ఐదు నిలబడ్డాయి. మళ్ళీ మొక్కలేసి కాపుకొచ్చేదాకా ఎలా తింటాం? స్కూటర్ అమ్మేసి హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్‌గా వెళ్ళాడు."

గురువుగారు స్క్రీన్ మీద స్కూటర్ అద్దం దగ్గర వేలు పెట్టారు. రూపాయి బిళ్ళంత అద్దంలో ఇంకా పాత ఆకాశమే ఉంది, బూడిద రంగులో.

"ఇది మర్చిపోయావు."

కుర్రాడు గబగబా జూమ్ చేసి బ్రష్ తీసుకున్నాడు.

"అది కాదురా."

వాడు ఆకాశం లేయర్ డిలీట్ చేశాడు. నీడ కూడా తీసేశాడు. పాత ఆకాశాన్నే కర్వ్స్‌తో కొంచెం లాగితే, తెల్లగా ఉన్నచోట మబ్బుల వరసలు బయటికొచ్చాయి. ప్రింటు తీశాడు.

గురువారానికి ముందురోజు ఆవిడ వాళ్ళమ్మని కూడా తీసుకొచ్చింది. ముసలావిడ ఫ్రేమ్ పట్టుకుని చూసి పక్కన పెట్టింది. "నీలం ఆకాశంది ఒకటి చేశావంట కదా, అదేది?"

"తీసేశానండీ."

"ఆయన మళ్ళీ అలా పైకి చూడ్డం నేను చూళ్ళేను. అది చెయ్యి."

కూతురు ఏదో అనబోయి ఊరుకుంది. కుర్రాడు నూట ఎనభై ఆకాశాల ఫోల్డర్ తెరిచాడు. ముసలావిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "మరీ వేసంకాలంలా వద్దు బాబూ. చిన్న మబ్బు ఒకటి ఉంచు."

(అయిపోయింది)

పిక్సెల్ పంతులు

కథ బాగుంది కానీ రెండు గంటలు ఏంటి బాసూ. `Fade Edge` ఒక్కటి పెంచితే కొబ్బరాకులు ఐదు నిమిషాల్లో కలిసిపోతాయి. ఇంకో విషయం, నీడలూ అద్దాలూ ఫోటోగ్రాఫర్లకే కనపడతాయి, ఇంట్లోవాళ్ళు అవేం చూడరు. నేను నెలకి పది ఆల్బమ్‌లు చేస్తాను, ఆకాశం మార్చావేంటని ఇంతవరకు ఒక్కరు అడగలేదు.

డార్క్‌రూమ్ తాత

కాలవగట్టు గారూ, నేను 1981 నుంచి ఈ పనిలో ఉన్నాను, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. మీ కథలో ఒక చోట ఆగిపోయాను. ప్రింటు స్కాన్ చేసి కర్వ్స్ లాగితే మబ్బులు బయటికి వచ్చాయన్నారు. రావండి. అప్పట్లో కలర్ ల్యాబులో మిషను మనుషుల ముఖాలకి సరిపోయేట్టు ప్రింటు చేసేది, మబ్బు పట్టిన ఆకాశం దాదాపు కాగితం తెలుపుకి వెళ్ళిపోయేది. కాగితం మీద రంగే పడని చోట మీరెంత లాగినా కాగితం మచ్చలూ స్కానర్ గోలా తప్ప మబ్బు రాదు. అది నెగెటివ్‌లో ఉంటుంది. కలర్ నెగెటివ్ ఎక్కువ వెలుగుని బాగా ఓర్చుకుంటుంది, ప్రింటులో తెల్లగా కనపడ్డ ఆకాశంలో కూడా నెగెటివ్ మీద మబ్బుల మందం తేడాలు మిగిలే ఉంటాయి. కాబట్టి మీ కుర్రాడు అడగాల్సిన మొదటి మాట, "నెగెటివ్ ఉందా అమ్మా" అని. ఆ రోజుల్లో ల్యాబువాళ్ళు ప్రింట్లు పెట్టిచ్చే కవర్లోనే నెగెటివ్ ముక్కలు కూడా పెట్టిచ్చేవారు. జనం ఫోటోలు ఆల్బమ్‌లో పెట్టుకుని ఆ కవరు పారేసేవారు. కొందరిళ్ళల్లో బీరువా అడుగున ఇప్పటికీ ఉంటుంది.

పంతులు గారూ, `Fade Edge` పెంచితే గోడ అంచుకి సరిపోతుంది. కొబ్బరాకుకి అది చేస్తే ఈనెల చివర్లు పొగలా కరిగిపోతాయి, 12×18 ప్రింటులో చెట్టుకి తల సగమే ఉన్నట్టు కనపడుతుంది. సెల్ఫోన్లో చూస్తే తెలీదు. పాత ఆకాశం తెలుపుకి దగ్గరగా ఉందన్నారు కాబట్టి ఒక దారుంది. కొత్త ఆకాశం లేయర్‌ని `Multiply`లో పెట్టి, మాస్క్‌ని మాత్రం ఆకుల్లోకి కొంచెం జరపండి. తెలుపు మీద కొత్త రంగు పడుతుంది, నల్లటి ఆకు నల్లగానే ఉంటుంది, ఈనెల మధ్య బూజు పోతుంది. ఆకు మీద వెలుగు పడి మెరిసిన చోట కొంచెం నీలం అంటుతుంది, అది చేత్తో తుడవాలి. రెండు గంటలు కాకపోయినా ముప్పావుగంట పడుతుంది.

సుబ్బు_కడియం

హలో అన్నలూ, మా అక్క పెళ్ళి మొన్న శ్రావణంలో అయింది, ఎదురుకోలు టైంకి వాన. ఫోటోలన్నీ డల్‌గా ఉన్నాయి. ఈ ఆకాశం మార్చేది ఒక్కో ఫోటోకి ఎంత తీసుకుంటారు? మొత్తం 60 ఫోటోలు.

పిక్సెల్ పంతులు

@సుబ్బు మెసేజ్ చెయ్యి తమ్ముడూ.

అత్తిలి కోడలు

సుబ్బు గారూ ఇది కథ గురించి 😀

నాకు కథలో ముసలావిడ నచ్చింది. అందరూ కూతురిది రైటు అనుకుంటారు, నేను మాత్రం అమ్మ పక్షమే. గోడ మీద రోజూ కనపడేది ఆవిడకి, కూతురికి కాదు.

కానీ ఒకటి చెప్తాను. మా పుట్టిల్లు ముమ్మిడివరం దగ్గర. మీ కథలో ఉన్న ఆ తొంభై ఆరు తుఫానుకి నాకు పన్నెండేళ్ళు. మీరంతా బూడిద రంగు ఆకాశం అంటే విషాదం, నీలం అంటే సంతోషం అన్నట్టు మాట్లాడుతున్నారు. మా ఇంట్లో నాకు ఇప్పటికీ గుర్తుండే భయంకరమైన ఆకాశం ఆ రాత్రిది కాదు, అది చీకటి, ఏం కనపడలేదు, చప్పుడే. తర్వాత కాసిన ఎండ గుర్తుంది. పైన ఒక్క మబ్బు లేదు, కింద మొదలంటా విరిగిన చెట్లు, ఎటు చూసినా అడ్డం లేకుండా దూరంగా ఉన్న ఊళ్ళ గుడి గోపురాలు కనపడుతున్నాయి. అంతకుముందు తోటల్లో అవెప్పుడూ కనపడలేదు. ఆకాశం అంత పెద్దదని అప్పుడే తెలిసింది. ఇప్పుడు ఎవరైనా కోనసీమ ఫోటోకి నీలాకాశం పెడితే నాకు అదే గుర్తొస్తుంది. మీ కథలో ముసలావిడ కూడా ఆ ఎండ చూసే ఉంటుంది కదా, మరి నీలం ఎలా అడుగుతుంది? తప్పు అనడం లేదు. అడుగుతున్నాను.

కాలవగట్టు

@అత్తిలి కోడలు, ఇది నేను ఆలోచించనే లేదు. సరిగ్గా అందుకేనేమో చిన్న మబ్బు ఒకటి ఉంచమంటుంది? అబద్ధం చెప్పను, రాసినప్పుడు అంత తోచలేదు, ఊరికే వినసొంపుగా ఉందని రాశాను.

తాతగారూ, నెగెటివ్ మాట నిజం. మేము చేరేసరికే అంతా డిజిటల్, నెగెటివ్ స్కాన్ నా చేతులతో ఎప్పుడూ చెయ్యలేదు. అది మారుస్తాను.

బుడ్డలచేను

నాది అనంతపురం పక్క ఒక చిన్న స్టూడియో. కథ చదివి నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది. మబ్బు అంటే దిగులు అని మీ డెల్టా వాళ్ళు అంటారు. మా కాడ మబ్బు అంటే పండగప్పా.

నాలుగైదేళ్ళ కింద ఒకాయన ఫోన్లో తీసిన ఫోటో తెచ్చినాడు. బుడ్డలు, అదే వేరుశనగ, విత్తే రోజు, చేలో కాడెద్దులు పెట్టుకుని ఆయన, వాళ్ళాయమ్మ, కొడుకు. వెనక తూర్పు దిక్కు మబ్బు నల్లగా దిగబడి ఉంది, ఎర్రమట్టి ఇంకా ఎర్రగా కనపడుతా ఉంది. నేనూ మీ కుర్రోని మాదిరే తెలివి మీరి నీలం పెట్టి ప్రింటు తీసిస్తి. ఆయన చూసి "మబ్బు తీసేస్తివేమప్పా" అన్నాడు. "ఆ మబ్బు కోసరం కదా నేను ఫోటో తీయించింది, మూడేండ్ల తర్వాత పదునయ్యింది" అన్నాడు. ఆ ఫోటోలో నీలం పెడితే ముగ్గురూ ఎండలో ఎండిపోతా నుంచున్నట్టు ఉండారు. నవ్వే ఉంది కానీ ఫోటో కోసరం బలవంతంగా నవ్వినట్టు కనపడింది. మళ్ళీ ఫ్రీగా చేసిస్తి.

ఒక ముక్క పని సంగతి కూడా చెప్తా. పసుపు కలపడమే ఎక్కువ చెడగొడుతుంది, ఆకాశం కంటే. మబ్బు వెలుతుర్లో ఎర్రమట్టి, పచ్చ, చర్మం రంగు చిక్కగా ఉంటాయి, ఎక్కడా మెరుపు కొట్టదు. దానికి ఎండ పసుపు కలిపితే కామెర్లు వచ్చినట్టు అవుతారు. `Color Adjustment` సున్నాకి తెచ్చి చూడండి, సగం గొడవ తగ్గుతుంది. సగమే.

రాత్రిబండి

సినిమావాళ్ళకి ఇది పాత సంగతే కదా. రష్యాలో కులెషోవ్ అనే ఆయన ఒకే నటుడి ముఖం పక్కన సూపు గిన్నె, శవపేటిక పెట్టి చూపిస్తే జనం ఆకలి, బాధ అని వేర్వేరుగా చదివారంటారు. ముఖం ఒకటే. మీ కుర్రాడు కన్ను గుర్తు నొక్కుతున్నది అదే. కాబట్టి కథలో కొత్తేం లేదు, రాసిన తీరు బాగుంది.

డార్క్‌రూమ్ తాత

రాత్రిబండి గారూ, అది పక్కపక్కన పెట్టిన ముక్కల సంగతి. ఇక్కడ ఒకే ఫ్రేములో ముఖానికీ ఆకాశానికీ వెలుగు సంబంధం ఉంది, అది వేరు. చెప్తాను.

ఆ మనిషి గడ్డం ఎత్తి పైకి చూస్తున్నాడు. మబ్బు పట్టిన రోజు వెలుగు ఆకాశమంతటి నుంచీ సమంగా దిగుతుంది, కాబట్టి తలెత్తినా కళ్ళు చికిలించక్కర్లేదు, హాయిగా తెరిచి చూడొచ్చు. కనుబొమ్మలు పైకి లేస్తాయి, నోరు కొద్దిగా తెరుచుకుంటుంది. అదే ఎండలో పైకి చూస్తే ఏ మనిషైనా కళ్ళు మూతపడేట్టు చూస్తాడు, చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఇప్పుడు ఆ విప్పారిన కళ్ళ వెనక ఎండాకాశం పెట్టారు. చూసేవాడి బుర్ర, ఎండలో కూడా కళ్ళు విప్పి చూస్తున్నాడంటే ఏదో అబ్బురంగా చూస్తున్నాడు అనుకుంటుంది. తెరుచుకున్న నోరు నవ్వుగా కనపడుతుంది. కూతురు "నవ్వుతున్నాడు" అన్న మాట అందుకే నిజంగా జరిగే మాట. ఆ ఒక్క వాక్యానికి మీకు దణ్ణం. గీసిన నీడ సంగతికొస్తే, మీ కుర్రాడు స్కూటర్‌కి గీశాడు గానీ గడ్డం కింద, ముక్కు పక్కన గియ్యలేదు. అదీ గీస్తే అప్పుడు నిజంగా ముఖం ముట్టుకున్నట్టే. ఎక్కడ ఆపుతారు?

ఇంకో మాట. ఆకాశం మార్చడం మన కంప్యూటర్లతో పుట్టలేదు. 1850లలో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒక నెగెటివ్, మబ్బులకి ఒక నెగెటివ్ విడిగా తీసి ఒకే ప్రింటులో కలిపాడు. అప్పటి గాజు ప్లేట్లు నీలం వెలుగుకి విపరీతంగా స్పందించేవి, నేలకి సరిపడా ఎక్స్‌పోజ్ చేస్తే ఆకాశం తెల్లగా కొట్టుకుపోయేది, ఇంక ఏం చేస్తాడు. ఒకే మబ్బుల నెగెటివ్‌ని వేర్వేరు సముద్రాలకి వాడినవి కూడా ఉన్నాయి. మీ కుర్రాడి ఫోల్డరు లాగే. కానీ ఆయన కళ్ళెదురుగా ఉన్న ఆకాశం ప్లేటులో రాక పెట్టాడు, మనం వచ్చిన ఆకాశాన్ని తీసేసి పెడుతున్నాం.

పిక్సెల్ పంతులు

తాతగారూ కళ్ళ సంగతి ఒప్పుకుంటున్నా, ఇప్పుడే పాత ఆల్బమ్‌లు తీసి చూశా. నా పెళ్ళికొడుకులు ఎవరూ కళ్ళు చికిలించట్లేదు, నీలాకాశం కింద అందరూ డేగల్లా చూస్తున్నారు 😂 కానీ కస్టమర్ అడిగితే చెయ్యాలి కదా. అడక్కుండా చెయ్యడం తప్పు, అడిగితే తప్పు కాదు. కథలో కుర్రాడు మొదటిసారి చేసింది తప్పు, రెండోసారి చేసేది కాదు.

మరి లేయర్ డిలీట్ చెయ్యడమేంటి అసలు? కన్ను మూసి PSD సేవ్ చేసుకుంటే పోయేది కదా. ఏ స్టూడియోలోనైనా మొదట నేర్పేది అదే.

కాలవగట్టు

డిలీట్ చెయ్యకపోతే ముగింపులో వాడు మళ్ళీ మొదటి నుంచి కూర్చోవాల్సిన పని ఉండదు, ఫైలు తెరిచి ప్రింటు ఇచ్చేస్తాడు. కోపంలో, సిగ్గులో తీసేశాడు అనుకోండి. నేనూ ఒకసారి అలా తీసేసి తిట్లు తిన్నాను.

నెగెటివ్ పెట్టి మధ్య భాగం మార్చాను, చూడండి:

"నెగెటివ్ ఉందా అమ్మా" అన్నారు గురువుగారు. ఆవిడ మర్నాడు ఒక పసుపు కవరు తెచ్చింది. నాలుగు ఫ్రేముల ముక్క, ఒక చివర చెద తిన్నట్టు బూజు. గురువుగారు దాన్ని ట్యూబ్‌లైట్‌కి ఎత్తి పట్టుకున్నారు. నెగెటివ్‌లో ఆకాశం నల్లగా, చెట్లు లేత నారింజగా ఉన్నాయి. "చూడరా, ఆకాశం ఒకే నలుపుగా ఉందా?" లేదు. కుడివైపు ఒక చోట కొంచెం పల్చగా ఉంది, చారలా. స్కాన్ చేస్తే ప్రింటులో లేని ముదురు మబ్బు వరస ఒకటి తోట మీదకి వంగి వచ్చింది. ఆయన చూస్తున్నది దాన్నే. పక్క ఫ్రేములో, రీల్లో ఆఖరిది, వాళ్ళమ్మ దండెం మీద బట్టలు లాగుతోంది. కెమెరా వైపు వీపు. చీర చెంగు కొబ్బరాకులు వాలిన వైపుకే ఎగురుతోంది.

అత్తిలి కోడలు

బట్టలు లాగుతున్న ఫ్రేము బాగుంది. చెంగు, ఆకులు ఒకే వైపు, అది చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. కానీ అప్పుడు ఆయన చూసేది మబ్బుని అని తేల్చేశారు. ముందు తెలీకపోవడమే బాగుంది నాకు.

రాత్రిబండి

+1. ముదురు మబ్బు వరస ఎక్కువైంది. రుజువు చూపించినట్టుంది.

డార్క్‌రూమ్ తాత

రుజువు కాదు, నెగెటివ్‌లో ఉన్నది ఉంటుంది మరి. అయితే ఒక దిద్దుబాటు. బూజు చెద తిన్నట్టు ఉండదు, జిలేబీ తీగల్లా పాకుతుంది, ఎక్కువగా ఎమల్షన్ ఉన్న మసక వైపున. తడిగుడ్డతో తుడిచారో ఎమల్షన్ ఊడి వస్తుంది, మీ కుర్రాడి చేత తుడిపించకండి.

బుడ్డలచేను

ఆ రెండో ఫ్రేము ముసలాయమ్మకి చూపించినారా కథలో? ఆమెకి తెలుసునా తన ఫోటో ఒకటి ఉందని? నాకైతే నీలం సంగతి కంటే అదే కావాల. ఆమె వీపు చూసుకుని ఏమంటాదో.

కాలవగట్టు

అది రాయలేదు. ఇప్పుడు రాయాలనిపిస్తోంది, కానీ అది రాస్తే ముగింపులో చిన్న మబ్బు ఉంచమనే మాట పోతుందేమోనని భయంగా ఉంది. ఆవిడ నీలం అడిగాక చూపించాలా, అడక్కముందా?

బుడ్డలచేను

అడిగినాంక. చేతిలో ప్రింటు పెట్టుకుని.

అత్తిలి కోడలు

ముందే. చూశాక కూడా నీలమే అడగాలి.

సుబ్బు_కడియం

అన్నలూ, అక్కకి ఈ కథ చదివి వినిపించా. 60 వద్దంటోంది. గొడుగు కింద బావగారు సగం తడిసి ఉన్న ఫోటో ఒకటి ఉంది, దాన్ని అలాగే ఉంచమంది, మిగతా గ్రూప్ ఫోటోలు ఆరు మాత్రం అత్తగారి కోసం మార్పించమంది. నేల తడిగా ఉంది, నీళ్ళు నిలిచినచోట ఆకాశం కనపడుతోంది. అది కూడా మార్చాలా?

డార్క్‌రూమ్ తాత

మార్చాలి నాయనా. కొత్త ఆకాశాన్నే తలకిందులు చేసి, నీళ్ళున్న మేరకి మాస్క్ చేసి, పైదానికంటే ముదురుగా వెయ్యాలి, నీళ్ళలో ఆకాశం ఎప్పుడూ కొంచెం ముదురుగానే కనపడుతుంది. అయినా తడినేల మీద ఎండ ఆకాశం అంటే వాన వెలిసినట్టుంటుంది. పూర్తి నీలం కాకుండా విరిగిన మబ్బులున్నది ఎంచుకోండి. నీడలు గియ్యకండి. గొడుగులు మూసి ఉన్న ఫోటోలే తీసుకోండి, తెరిచినవి వదిలెయ్యండి.

సుబ్బు_కడియం

ఆరింట్లో నాలుగింటికి గొడుగులు తెరిచే ఉన్నాయండి.